గడువు తెలియని నోటీసును తేట తెలుగులో తిరగరాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ ఏ నోటీసును ఉద్దేశించినవి?

ప్రభుత్వ నోటీసులలో రకాలు అనేకం కనుక అన్నింటికీ కలిపి సలహాలు చెబితే అవి ఏ ఒక్కదానికీ సరిగ్గా అతకవు. అందుచేత ఒకే ఒక్క నోటీసును తీసుకొని చివరిదాకా దానినే అనుసరిద్దాం. కార్యాలయాలలో వాడుకలో ఉన్న ధోరణిలో, ఈ వివరణ కోసమే రాసిన నమూనా ఇది. ఒక భవన యజమానికి ఆస్తి పన్ను సవరణ గురించి పంపినదిగా దీనిని భావించాలి.

> ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పైన ఉదహరించిన కట్టడమునకు ఇదివరలో నిర్ణయించబడిన ఆస్తి పన్ను, క్షేత్రస్థాయి తనిఖీలో గమనించబడిన అదనపు నిర్మాణము దృష్ట్యా పునఃపరిశీలనకు లోబడియున్నందున, సదరు విషయమై తమకు ఏవేని అభ్యంతరములు ఉన్న యెడల, ఈ నోటీసు తేదీ నుండి గాని అందిన నాటి నుండి గాని 15 దినములలోగా తగిన ఆధారములతో కూడిన లిఖితపూర్వక వివరణను ఈ కార్యాలయమునకు సమర్పించవలసినదిగాను, అట్లు సమర్పించని యెడల తమకు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి నిబంధనల మేరకు తదుపరి చర్యలు గైకొనబడుననియు, సదరు ఉత్తర్వులు వెలువడిన పిమ్మట నిర్ణీత గడువులోపల సంబంధిత అధికారికి అప్పీలు చేసుకొనవచ్చుననియు, గడువు మీరిన అభ్యర్థనలు పరిశీలించబడవనియు తెలియజేయడమైనది.

ఇదంతా ఒకే వాక్యం. ఇందులో పన్ను పెంచే ప్రతిపాదన ఉంది, అభ్యంతరం చెప్పే హక్కు ఉంది, మౌనంగా ఉంటే జరిగేదాని గురించి హెచ్చరిక ఉంది, అప్పీలు ఉంది, రెండు గడువులు ఉన్నాయి. ఆ రెండింటిలో ఒక్కదానికీ తేదీ లేదు.

పొడవైన వాక్యాన్ని చిన్న చిన్న వాక్యాలుగా విడగొడితే సరిపోదా?

సరిపోదు. విడగొట్టడం చివర చేయవలసిన పని. దానితోనే మొదలుపెట్టిన వారు అస్పష్టమైన ఒక పెద్ద వాక్యాన్ని అస్పష్టమైన ఆరు చిన్న వాక్యాలుగా మారుస్తారు. ‘15 రోజులలో వివరణ ఇవ్వాలి. ఇవ్వకపోతే చర్యలు తీసుకుంటాం.’ అని రాస్తే చదవడానికి హాయిగానే ఉంటుంది, కానీ ఏ రోజు నుంచి 15 రోజులో, ఏ చర్యలో పాఠకుడికి మునుపటి కన్నా ఒక్క పిసరు కూడా ఎక్కువ తెలియదు.

ముందుగా చేయవలసినది నోటీసును పక్కన పెట్టి, అది అందుకున్న మనిషి అడిగే ప్రశ్నలను ఒక కాగితం మీద వరుసగా రాసుకోవడం. ఇది నాకెందుకు వచ్చింది? నేను తప్పనిసరిగా చేయవలసినది ఏమైనా ఉందా? ఎప్పటిలోగా, ఎక్కడ, ఎలా చేయాలి? చేయకపోతే ఏమవుతుంది? నిర్ణయం నాకు నచ్చకపోతే ఎక్కడికి వెళ్లాలి? ప్రతి ప్రశ్నకూ ఎదురుగా నోటీసులో దొరికిన జవాబును రాయాలి, దొరకని చోట ఖాళీ వదలాలి.

మన నమూనాకు ఈ పని చేసి చూస్తే ఖాళీలే ఎక్కువగా మిగులుతాయి. తనిఖీ ఎప్పుడు జరిగిందో, అదనపు నిర్మాణం అంటే భవనంలో ఏ భాగమో, ఎంత విస్తీర్ణమో, పన్ను ఎంత నుంచి ఎంతకు పెరుగుతుందో నోటీసు చెప్పలేదు. ఏది చూసి పన్ను పెంచుతున్నారో తెలియని మనిషి దేని మీద అభ్యంతరం రాస్తాడు? ఈ ఖాళీలను భాషతో పూడ్చలేం. సంబంధిత ఫైలు తెప్పించుకోవాలి, ఆ ఫైలు చూసే అధికారిని అడగాలి. నా అనుభవంలో తిరగరాతకు పట్టే సమయంలో ఎక్కువ భాగం ఈ అడగడంలోనే గడుస్తుంది, రాయడానికి పట్టేది తక్కువే.

‘15 దినములలోగా’ అని అంకె స్పష్టంగానే ఉంది కదా, గడువులో అస్పష్టత ఎక్కడుంది?

అంకె ఉన్నంత మాత్రాన గడువు ఉన్నట్లు కాదు. గడువు లెక్కకు మొదలు ఎక్కడో, చివర ఎక్కడో, ఆ మధ్య ఏ రోజులు లెక్కలోకి వస్తాయో తెలిస్తేనే అంకెకు అర్థం ఏర్పడుతుంది. మన నోటీసునే తేదీలతో పరీక్షించి చూద్దాం.

అధికారి సంతకం చేసిన తేదీ 3 మార్చి 2026, మంగళవారం. కార్యాలయం నుంచి నోటీసు బయలుదేరినది 9వ తేదీ సోమవారం. యజమాని చేతికి అందినది 14వ తేదీ శనివారం. ఇప్పుడు చివరి రోజు ఏది?

సంతకం తేదీ నుంచి లెక్కిస్తే 18వ తేదీ బుధవారం. పంపిన తేదీ నుంచి లెక్కిస్తే 24వ తేదీ మంగళవారం. అందిన రోజును కూడా ఒక రోజుగా కలుపుకొని లెక్కిస్తే 28వ తేదీ శనివారం. అందిన రోజును వదిలి మరునాటి నుంచి లెక్కిస్తే 29వ తేదీ ఆదివారం. ఆదివారం కార్యాలయానికి సెలవు కనుక తరువాతి పనిదినానికి జరిపితే 30వ తేదీ సోమవారం. అంకె ఒక్కటే, చివరి రోజులు మాత్రం ఐదు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 12 రోజుల తేడా ఉంది. నోటీసులోనే ‘తేదీ నుండి గాని అందిన నాటి నుండి గాని’ అని ఉంది కాబట్టి ఈ ఐదింటిలో దేనినైనా సమర్థించుకోవచ్చు. యజమాని 30వ తేదీని, కౌంటరులోని ఉద్యోగి 18వ తేదీని పట్టుకొని కూర్చుంటే ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే కాగితం.

ఇంతటితో అయిపోదు. ‘సమర్పించవలసినది’ అన్నప్పుడు ఆ రోజుకు పోస్టులో వేస్తే చాలునా, కార్యాలయానికి చేరాలా? చేరాలంటే ఆ రోజు ఎన్ని గంటలలోపు? యజమాని ఊళ్లో లేనప్పుడు ఇంట్లో మరొకరు తీసుకుంటే, లేదా తలుపుకు అంటించి వెళ్తే, ‘అందిన తేదీ’ ఏది? తిరగరాసిన నోటీసు వీటికి జవాబు చెప్పగలగాలి.

ఇలాంటి లెక్కకు చట్టంలో నియమాలు ఉండవా? వాటిని నోటీసులో మళ్లీ చెప్పడం ఎందుకు?

చాలా దేశాలలో ఉంటాయి. భారతదేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, కేంద్ర చట్టాలలో ‘ఫలానా రోజు నుండి’ అని ఉంటే ఆ మొదటి రోజును మినహాయించి లెక్కిస్తారు. అదే చట్టం 10వ సెక్షన్ ప్రకారం, కోర్టులోగాని కార్యాలయంలోగాని చేయవలసిన పనికి చివరి రోజున ఆ కార్యాలయం మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజున చేసినా గడువులో చేసినట్లే. ఐరోపా సంఘంలో 1971 నాటి 1182/71 రెగ్యులేషన్ కూడా ఇంచుమించు ఇదే పద్ధతిని పెట్టింది. అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ నియమాలలో 6వ నియమం లెక్కింపు కోసమే ఉంది. చిన్న గడువులలో సెలవులను వదిలేసి, పెద్ద గడువులలో కలుపుకొని లెక్కించే పాత పద్ధతి గందరగోళంగా మారడంతో 2009లో దానిని మార్చి, అన్ని రోజులనూ లెక్కించడం మొదలుపెట్టారు. అప్పుడే అనేక గడువులను 7, 14, 21, 28 రోజులకు సవరించారు. వారాల లెక్కన గడువు ఉంటే అది సోమవారం మొదలైతే సోమవారమే, మంగళవారం మొదలైతే మంగళవారమే ముగుస్తుంది. శనివారం, ఆదివారం మీద పడే బెడద చాలావరకు తప్పుతుంది.

ఈ నియమాలను బట్టి చూస్తే మన నోటీసుకు సరైన జవాబు 30వ తేదీ కావడానికే అవకాశం ఎక్కువ. అయితే, తమకు వర్తించే చట్టం ఏమి చెబుతోందో న్యాయ విభాగం చేత నిర్ధారించుకున్న తరువాతే ఆ తేదీని వాడాలి. ఇన్ని నియమాలు ఉన్నాయన్న కారణం చేతనే నోటీసులో లెక్క కాకుండా తేదీ ఉండాలి. నియమం తెలిసినది కార్యాలయానికి, గడువు దాటితే నష్టపోయేది యజమాని. లెక్క తెలిసినవారు లెక్క చేసి పెట్టడమే సబబు. 15 రోజులను 14గా మారుద్దామని తిరగరాసే వారికి అనిపించవచ్చు గాని, ఆ అంకె చట్టంలోనిది. దానిని ముట్టుకునే అధికారం మనకు లేదు.

ఒక్కొక్కరికి ఒక్కో రోజున అందే నోటీసులో ముందుగానే తేదీ ఎలా ముద్రించగలం?

ఇది న్యాయమైన అభ్యంతరం, కార్యాలయాల నుంచి అందరికన్నా ముందు వచ్చేది కూడా ఇదే. నోటీసును అందజేసే పద్ధతిని బట్టి జవాబు మారుతుంది.

ఉద్యోగి స్వయంగా వెళ్లి ఇచ్చేటట్లయితే నోటీసు పైభాగంలో రెండు గళ్లు ఖాళీగా ముద్రించాలి. ఒకటి అందజేసిన తేదీకి, రెండవది చివరి తేదీకి. ఇచ్చేటప్పుడు రెండింటినీ చేతితో నింపి, కార్యాలయం దగ్గర మిగిలే ప్రతిలోనూ అవే తేదీలు వేసి సంతకం తీసుకోవాలి. ఇంటి గుమ్మం ముందు నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టమంటే ఉద్యోగి తప్పు చేసే ప్రమాదం ఉంది కనుక, ఆ నెలకు సరిపోయే చిన్న పట్టికను ముందే చేసి అతని చేతికి ఇవ్వాలి. ‘14న అందజేస్తే 30, 15న అందజేస్తే 30, 16న అందజేస్తే 31’ అన్నంత సూటిగా ఆ పట్టిక ఉండాలి. 14వ తేదీకీ 15వ తేదీకీ ఒకే చివరి రోజు రావడం అచ్చు తప్పు కాదు. మొదటిది ఆదివారం నుంచి సోమవారానికి జరిగినది, రెండవది సహజంగానే సోమవారం నాడు ముగిసేది.

పోస్టులో పంపేటప్పుడు ఈ వీలు లేదు. అప్పుడు మామూలుగా ఉత్తరం చేరడానికి పట్టే రోజులకు మరికొంత జోడించి, ఎవరికీ 15 రోజులకు తగ్గకుండా చూసుకొని, ఒక స్థిరమైన తేదీని ముద్రించాలి. దాని కిందనే ‘ఈ నోటీసు మీకు ఫలానా తేదీ తరువాత అందితే, అందిన మరునాటి నుంచి 15 రోజుల గడువు ఉంటుంది’ అని ఒక వాక్యం చేర్చాలి.

ఇక్కడ ఒక సున్నితమైన తేడాను గుర్తించాలి. చట్టం ‘15 రోజులకు తగ్గకుండా సమయం ఇవ్వాలి’ అని కార్యాలయాన్ని ఆదేశిస్తుంటే, కార్యాలయం మరో నాలుగు రోజులు ఎక్కువ ఇచ్చినా ఇబ్బంది లేదు. చట్టం ‘15 రోజులలోపే చేయాలి’ అని పౌరుడి హక్కుకు హద్దు గీస్తుంటే, నోటీసులో ఉదారంగా ఎక్కువ రోజులు రాయడం అతనికి మేలు చేయదు. నోటీసును నమ్మి ఆ అదనపు రోజులలో వచ్చిన మనిషి దరఖాస్తును గడువు దాటిందని కొట్టివేసే ప్రమాదం ఉంది. అభ్యంతరాల గడువు సాధారణంగా మొదటి రకానికి, అప్పీలు గడువు రెండవ రకానికి చెందుతాయి. ఎట్లయినా సెక్షన్ చదివి నిర్ధారించుకోకుండా రోజులు పెంచకూడదు.

‘నిర్ణీత గడువులోపల’ అప్పీలు చేసుకోవాలన్న మాటను ఎలా తిరగరాయాలి?

ఊహించి మాత్రం రాయకూడదు. నిర్ణీతం అంటే ఎక్కడో ఎవరో నిర్ణయించి ఉన్నారనే కదా, ఆ చోటును వెతకాలి. ఏ సెక్షన్, ఎన్ని రోజులు, ఉత్తర్వు వెలువడిన నాటి నుంచా లేక అందిన నాటి నుంచా, ఎవరికి చేయాలి, ముందుగా పన్నులో కొంత కట్టవలసి ఉంటుందా అన్నవి తెలుసుకోవాలి. ఫైలులో ‘ఉత్తర్వు అందిన నాటి నుంచి 30 రోజులు’ అని దొరికిందని ఈ నమూనాకు అనుకుందాం.

అయితే ఇప్పుడే ఆ వివరాలన్నింటినీ ఈ నోటీసులో కుక్కవలసిన పని లేదన్నది నా అభిప్రాయం. అప్పీలు ఉత్తర్వు మీద చేసేది, ఉత్తర్వు ఇంకా పుట్టనే లేదు. రెండు గడువులు ఒకే కాగితం మీద కనిపిస్తే పాఠకులు వాటిని కలిపేసుకుంటారు. నెల రోజులు ఉన్నాయనుకొని అభ్యంతరం గడువును జారవిడుస్తారు. అప్పీలు హక్కు ఉందని ఒక్క వాక్యంలో చెప్పి, తేదీతో సహా పూర్తి వివరం ఉత్తర్వులో ఇస్తామని రాస్తే చాలు. ఉత్తర్వులో అది నిజంగా ఉండేటట్లు చూడడం కూడా తిరగరాసే వారి బాధ్యతే.

చట్టపరమైన మాటలు తీసివేస్తే నోటీసు చెల్లకుండా పోతుందా?

చెల్లుబాటు ఏ మాటల మీద ఆధారపడి ఉందో తెలుసుకుంటే ఈ భయం చాలావరకు తీరుతుంది. నోటీసు ఏ చట్టం కింద, ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో తప్పక ఉండాలి. ‘అభ్యంతరం’, ‘ఉత్తర్వు’, ‘అప్పీలు’ అన్న మాటలకు చట్టంలో నిర్దిష్టమైన ప్రయోజనం ఉంది కాబట్టి వాటిని మార్చకూడదు. అప్పీలును ఒక చోట ‘మొర’ అని, మరో చోట ‘విన్నపం’ అని అందంగా మార్చి రాస్తే మూడు వేర్వేరు దారులు ఉన్నాయని పాఠకుడు అనుకుంటాడు. ఒక విషయానికి మొదటి నుంచి చివరి వరకు ఒకే మాట వాడడం మామూలు రచనలో లోపంగా కనిపించవచ్చు, నోటీసులో మాత్రం అది అవసరం.

‘ఇందుమూలముగా’, ‘సదరు’, ‘ఉన్న యెడల’, ‘గైకొనబడును’ వంటివాటిలో చట్టం లేదు, అలవాటు మాత్రమే ఉంది. ‘సదరు విషయమై’ అన్నప్పుడు ఆ సదరు పన్నుకు చెందినదా, నిర్మాణానికి చెందినదా అన్న సందేహం కూడా ఉంది. కాబట్టి ఆ పేరునే మళ్లీ చెప్పడం ఎక్కువ కచ్చితం.

అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి క్రియలు. ‘సమర్పించవలసినదిగాను’ అన్నది ఆజ్ఞలా వినిపిస్తుంది. నిజానికి అభ్యంతరం చెప్పడం యజమాని హక్కు, విధి కాదు. పన్ను పెంపు సమంజసమేనని అనుకునే యజమాని ఏమీ రాయనవసరం లేదు, కానీ ఈ నోటీసు చదివితే రాయకపోతే నేరమేమో అనిపిస్తుంది. కనుక తప్పనిసరి అయినచోట ‘తప్పనిసరిగా చేయాలి’ అని, ఇష్టాన్ని బట్టి చేసేచోట ‘చేయవచ్చు’ అని, కార్యాలయం చేయబోయేచోట ‘మేము చేస్తాము’ అని వేరువేరుగా రాయాలి. ఆంగ్ల చట్టభాషలోనూ ఇదే చిక్కు ఉండేది. ‘షల్’ అన్న ఒక్క మాటను విధికీ, అనుమతికీ, భవిష్యత్తుకూ వాడుతున్నారని గుర్తించి, అమెరికా ఫెడరల్ సివిల్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు దానిని తొలగించి, సందర్భాన్ని బట్టి వేరువేరు మాటలు పెట్టారు.

‘తదుపరి చర్యలు గైకొనబడును’ అన్న దగ్గర అసలు విషయమే మాయమైంది. ఎవరు, ఏమి చేస్తారు? ఫైలును అడిగితే తేలేది ఇంతే: ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, తనిఖీలో నమోదైన కొలతల ప్రకారమే అధికారి పన్ను నిర్ణయిస్తారు. భవనాన్ని కూల్చరు, కేసు పెట్టరు. ఈ ఒక్క వాక్యం లేనందుకే ఇలాంటి నోటీసు అందుకున్నవారు వకీలు ఇంటికి పరుగెత్తుతారు.

తిరగరాసిన తరువాత ఆ నోటీసు ఎలా ఉంటుంది?

తేదీలు పైన చెప్పిన ఉదాహరణలోనివే. ఖాళీలను కార్యాలయం నింపుతుంది.

> ఆస్తి పన్ను సవరణ నోటీసు
>
> నోటీసు సంఖ్య: ______  నోటీసు తేదీ: 3 మార్చి 2026
>
> మీకు అందజేసిన తేదీ: 14 మార్చి 2026, శనివారం
>
> అభ్యంతరం మా కార్యాలయానికి చేరవలసిన చివరి తేదీ: 30 మార్చి 2026, సోమవారం, సాయంత్రం 5 గంటలు
>
> ఈ నోటీసు ఎందుకు: మీ భవనం (నంబరు ______) ఆస్తి పన్నును ______ నుంచి ______కు పెంచాలని మేము ప్రతిపాదిస్తున్నాము. 12 ఫిబ్రవరి 2026న మా సిబ్బంది జరిపిన తనిఖీలో, మొదటి అంతస్తులో 20 చదరపు మీటర్ల గది ఒకటి మా రికార్డులో లేనట్లు గమనించారు. ఈ నోటీసును ______ చట్టం, ______ సెక్షన్ కింద ఇస్తున్నాము.
>
> మీరు అంగీకరిస్తే: మీరు ఏమీ చేయనవసరం లేదు.
>
> మీరు అంగీకరించకపోతే: పైన ఉన్న చివరి తేదీలోపు మీ అభ్యంతరాన్ని రాసి ఇవ్వవచ్చు. కార్యాలయం కౌంటరులో ఇచ్చి రసీదు తీసుకోండి, లేదా పోస్టులో పంపండి. పోస్టులో పంపినా ఆ తేదీలోపే మాకు చేరాలి. భవన అనుమతి పత్రం, ప్లాను, పాత పన్ను రసీదులు, ఫొటోలలో మీ దగ్గర ఉన్నవాటి నకళ్లు జతచేయండి. ఇవి లేకపోయినా అభ్యంతరం ఇవ్వవచ్చు.
>
> చివరి తేదీలోపు అభ్యంతరం రాకపోతే: తనిఖీలో నమోదైన కొలతల ప్రకారం పన్ను నిర్ణయించి మీకు ఉత్తర్వు పంపుతాము. ఆ తేదీ తరువాత వచ్చిన అభ్యంతరాన్ని పరిశీలించము.
>
> ఉత్తర్వు తరువాత: ఉత్తర్వు మీద మీరు అప్పీలు చేయవచ్చు. ఎవరికి, ఏ తేదీలోపు చేయాలో ఆ ఉత్తర్వులోనే రాస్తాము.
>
> సందేహాలుంటే: ______ (అధికారి హోదా, గది, ఫోన్, పని వేళలు)

ఇది అసలు నోటీసు కన్నా పొడవుగా ఉంది కదా?

ఉంది. అసలు నోటీసు చెప్పకుండా దాచినవన్నీ ఇందులో బయటికి వచ్చాయి కాబట్టి ఉంటుంది. తేట భాష అంటే తక్కువ మాటలని చాలామంది అనుకుంటారు. పాఠకుడు తనకు కావలసిన వరుసను వెతికి పట్టుకోవడానికి ఎంత సమయం పడుతుందన్నదే చూడవలసిన కొలత.

‘మీరు’, ‘మేము’ అని రాయడం ప్రభుత్వ గౌరవానికి తగునా?

తగును. ‘మీరు’ అన్నదే గౌరవ వాచకం. ‘మేము’ అని రాసినప్పుడు పని చేసేది ఎవరో తెలుస్తుంది. ‘గైకొనబడును’లో అది తెలియదు. ‘తమరు’ వాడవలసిందేనని పట్టుబట్టే అధికారి ఉంటే ఆ ఒక్క మాట కోసం వాదన పెంచుకోవడం అనవసరం. తేదీ విషయంలో మాత్రం వెనక్కి తగ్గకూడదు.

పాతదానినీ కొత్తదానినీ కలిపి పంపితే సురక్షితం కాదా?

ఇది మధ్యేమార్గంలా కనిపించి ఇబ్బంది పెడుతుంది. రెండు కాగితాలు అందిన మనిషి రెండింటినీ పోల్చుకోవలసి వస్తుంది. అంతకన్నా ప్రమాదం, కొత్తదాని అడుగున సాధారణంగా చేర్చే ‘ఇది అవగాహన కోసం మాత్రమే, అసలు నోటీసే చెల్లుతుంది’ అన్న వరుస. అర్థమైన కాగితం చెల్లదనీ, చెల్లే కాగితం అర్థం కాదనీ చెప్పినట్లవుతుంది. కొత్తదానిలో 30 మార్చి అని ఉండి, పాతదానిలో ‘నోటీసు తేదీ నుండి గాని’ అన్న మాట అలాగే మిగిలిపోతే వివాదం మళ్లీ మొదటికి వస్తుంది. తిరగరాసినదానిని న్యాయ విభాగం చేత ఒకసారి చదివించి, దానినే నోటీసుగా జారీ చేయడం మంచిది.

కార్యాలయానికి వెలుపలి వారు, అంటే పత్రికలుగాని స్వచ్ఛంద కార్యకర్తలుగాని, ప్రజల కోసం తిరగరాస్తుంటే పరిస్థితి వేరు. వారు అది తమ వివరణ మాత్రమేనని మొదటి వరుసలోనే చెప్పి, అసలు నోటీసు సంఖ్య, తేదీ ఇవ్వాలి. అసలులో అస్పష్టంగా ఉన్నదానిని తామే తేల్చేయకుండా ‘చివరి తేదీ నోటీసులో స్పష్టంగా లేదు, కార్యాలయాన్ని అడగండి’ అని రాయాలి.

తిరగరాసినది నిజంగా అర్థమవుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

‘అర్థమైందా?’ అని అడిగితే తెలియదు. దాదాపు అందరూ అయిందనే అంటారు, కాలేదని చెప్పడం చిన్నతనమనుకుంటారు. తేట భాషకు 2023లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ISO 24495-1 కూడా అర్థం కావడంతో ఆగదు. పాఠకుడికి అవసరమైనది అందులో ఉండాలి, అది తేలికగా దొరకాలి, అర్థం కావాలి, దానిని అతను ఉపయోగించుకోగలగాలి అంటుంది.

కార్యాలయంతో సంబంధం లేని ఐదారుగురికి నోటీసు ఇచ్చి, ఒక్కొక్కరినీ విడివిడిగా పని అడగాలి. ‘ఇది మీకు శనివారం అందింది, మీ అభ్యంతరం ఎప్పటిలోగా చేరాలి?’, ‘చివరి రోజు ఉదయం పోస్టులో వేస్తే చెల్లుతుందా?’, ‘మీరు ఏమీ చేయకపోతే ఏమవుతుంది?’ అన్నవి సరిపోతాయి. జవాబు తప్పు రావడాన్ని మాత్రమే కాకుండా, జవాబు కోసం వారి వేలు కాగితం మీద ఎక్కడెక్కడ తిరుగుతోందో గమనించాలి. చివరి తేదీ కోసం ఎవరైనా కింది పేరాలలోకి వెళ్తున్నారంటే పైనున్న గడి వారి కంటికి ఆనలేదన్న మాట. ఇద్దరు ఒకే చోట తడబడితే తప్పు వారిది కాదు, ఆ వాక్యానిది. దానిని సరిచేసి కొత్తవారికి చూపాలి, మొదటిసారి చదివినవారికి కాదు.

నాకు అస్పష్టమైన పాత ధోరణి నోటీసే వచ్చింది. నేను ఏ తేదీని పాటించాలి?

అన్నింటికన్నా ముందు వచ్చే తేదీని. పై ఉదాహరణలో అది 18 మార్చి. ఆ రోజులోపు ఇస్తే ఎవరు ఎలా లెక్కించినా మీరు గడువులోనే ఉంటారు. ఆధారాలు సిద్ధంగా లేకపోతే ‘అభ్యంతరం ఉంది, పత్రాలు తరువాత సమర్పిస్తాను’ అని ఒక పేజీ రాసి ఇచ్చి రసీదు తీసుకోవడం, అన్నీ కూడేదాకా ఆగడం కన్నా మేలు.

ఆ తేదీ అప్పటికే దాటిపోయిందని ఆశ వదులుకోనవసరం లేదు. నోటీసు అందిన రోజునే దాని మీద తేదీ వేసి పెట్టుకోండి. పోస్టులో వచ్చినట్లయితే కవరును పారేయకండి, దాని మీది ముద్రే మీకు ఎప్పుడు పంపారో చెప్పే సాక్ష్యం. అభ్యంతరంలో మొదటి వాక్యంగానే ‘ఈ నోటీసు నాకు ఫలానా తేదీన అందినది, అందిన నాటి నుండి 15 దినములన్న మీ నోటీసు మేరకు ఇది గడువులో ఉన్నది’ అని రాయండి. చివరి తేదీ ఏదో తెలపమని కార్యాలయాన్ని అడిగేటట్లయితే నోటితో అడిగి ఊరుకోకుండా కాగితం మీద అడిగి, ఆ కాగితం నకలు మీద కూడా ముద్ర వేయించుకోండి. జవాబు వచ్చేదాకా అభ్యంతరం ఇవ్వకుండా మాత్రం ఆగవద్దు.